సౌడమ్మ, చౌడమ్మ

ఫారాలు మూడు గోనెసంచుల్లో వచ్చాయి. చింతామణిలోని కంటి ఆస్పత్రి నుంచి జీపులో తెచ్చి, చిక్కబళ్ళాపురంలోని ట్రస్టు ఆఫీసు మేడమీది గదిలో దించిపోయారు. ఆ ఆస్పత్రిని నడిపే ట్రస్టు ఆరేళ్ళుగా బాగేపల్లి చుట్టుపక్కల పల్లెల్లో పెట్టిన కంటి శిబిరాల కాగితాలవి. కొన్నిటి అంచులు ఎలుకలు కొరికాయి. కొన్నిటి మీద చుక్కలమందు ఒలికి సిరా పాకింది. అన్నీ తెలుగు చేతిరాతలే. ఆంధ్ర సరిహద్దు పల్లెల్లో ఫారాలు నింపినవాళ్ళు పాతకాలం తెలుగు బడుల్లో చదువుకున్నవాళ్ళు. ఎవరి చేతికి వచ్చినట్టు వాళ్ళు రాశారు.

ఇలాంటి కాగితాలను కంప్యూటరులోకి ఎక్కించే పని రెండేళ్ళుగా నయనది. ఇరవైమూడేళ్ళ పిల్ల. తండ్రికి బజారులో బట్టల అంగడి ఉంది. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా చదువంతా కన్నడంలో, ఆ తర్వాత ఇంగ్లీషులో సాగింది. తెలుగు అక్షరాలు కన్నడ అక్షరాలకు దగ్గరి చుట్టాలే గనక అచ్చులో ఉంటే కూడబలుక్కుని చదివేది. చేతిరాత ముందు మాత్రం ఆమెకు కాళ్ళూ చేతులూ ఆడేవి కావు.

అప్పటిదాకా ఆ పని ఎలా నడిచిందంటే, ఆఫీసుకు ఎవరొస్తే వాళ్ళ చేత చదివించుకుని, చెవికి ఎలా వినబడితే అలా ఇంగ్లీషులో కొట్టేశారు. నయనకు ముందు ఇద్దరు ఆ కుర్చీలో కూర్చుని వెళ్ళారు. డేటాబేసులో పేరుకు ఉన్నది ఒకటే నిలువు గడి. మనిషి పేరు, పక్కన భర్తదో తండ్రిదో పేరు, అంతా అందులోనే ఇమడాలి. తెలుగులోనో కన్నడంలోనో కొట్టవచ్చు కదా అంటే, ఆ ఆఫీసులో ఉన్న అక్షరాలు తెరమీద కనిపించేవే గానీ వెతికితే దొరికేవి కావు, వరసలో పెడితే నిలిచేవి కావు. అందుకని ఇంగ్లీషే గతి.

రెండువేల ఐదు ఆగస్టులో ఆఫీసు పెద్ద సుజాతమ్మ నయనను పిలిచి కొత్త పని చెప్పింది. ఒక కంటికి ఆపరేషను అయి, రెండో కంటికి చూపించుకోవలసినవాళ్ళ పట్టీ కావాలట. పట్టీ తీసేముందు నయన డేటాబేసులో ఉన్న మనుషులను లెక్కపెడితే ఆరువేలు దాటారు. చింతామణి డాక్టరమ్మ ఫోనులోనే నవ్వింది. అన్ని శిబిరాలూ కలిపినా నాలుగువేల మంది కంటే ఎక్కువ రాలేదనీ, ఒక్కొక్కరిని ఇద్దరిద్దరుగా, ముగ్గురేసిగా చేసి కూర్చున్నారనీ అంది. సుజాతమ్మ ఫోను పెట్టేసి, కాగితాలన్నిటినీ ఆ మూడు సంచుల్లో ఆస్పత్రి నుంచి తెప్పించి, మొదటి నుంచి చదివి పేర్లన్నీ సరిచేయమని చెప్పింది. చదవడానికి మనిషిని కూడా ఆమే చూసింది.

ఆ మనిషి బయ్యప్ప మేష్ట్రు. బాగేపల్లిలో తెలుగు పంతులుగా చేసి రిటైరయ్యాడు. రెండు కళ్ళకూ ఆ ఆస్పత్రిలోనే పొర తీయించుకున్నాడు గనక ఆ రుణం ఇలా తీర్చుకుంటానని వచ్చాడు. వారానికి మూడు రోజులు పొద్దున్నే బస్సెక్కి పేరేసంద్ర మీదుగా వచ్చేవాడు. సంచిలో నీళ్ళ సీసా, వేయించిన శనగకాయలు, ఒక భూతద్దం. భూతద్దం ఆయనకు అక్కర్లేదు. అది రాసినవాళ్ళ రాత కోసమనేవాడు.

మొదటిరోజే ఇద్దరికీ చిన్న పేచీ వచ్చింది. పిళ్ళప్ప అని ఆయన చదివాడు. నయన Pillappa అని కొట్టింది. మేష్ట్రు తెరవైపు వంగి చూశాడు.

“ఇది ‘ళ’ కదమ్మా. నువ్వు ‘ల’ పెడతాండావు. పిల్లప్పా అని పిలిస్తే వాడు పలుకుతాడా?”

“పలకడప్పా. కానీ వెతికితే దొరుకుతాడు. నాకు ముందున్నామె ఒకమారు ఒక ‘ఎల్’ పెట్టింది, ఇంకోమారు రెండు పెట్టింది. వాడు ఇప్పుడు రెండు చోట్ల ఉండాడు.”

అయితే ‘ళ’కు పెద్ద ఎల్ పెట్టమన్నాడాయన. నయన ఆయన ముందే పెద్ద ఎల్‌తో ఒకసారి, చిన్న ఎల్‌తో ఒకసారి వెతికి చూపింది. రెండుసార్లూ అదే పట్టీ వచ్చింది. పెద్దక్షరమూ చిన్నక్షరమూ ఆ డేటాబేసుకు ఒకటే. నలభై ఏళ్ళు పిల్లల నాలుక మీద ‘ళ’ నిలబెట్టడానికి పాటుపడ్డ మనిషి మేష్ట్రు. చివరికి సరేనని, పలకడానికి కాగితం ఉండనే ఉందిలే అన్నాడు.

ఆ సాయంత్రం నయన ఒక లాంగ్‌ బుక్కు తెచ్చింది. ఇద్దరూ కూర్చుని కట్టుబాట్లు రాసుకున్నారు. ‘త’కు టీ, హెచ్. ‘ట’కు ఒట్టి టీ. దీర్ఘానికి రెండు ‘ఏ’లు వద్దు. ‘వ’ ఎక్కడున్నా వీ, డబ్ల్యూ వద్దు. చివర అప్ప ఉంటే రెండు ‘పీ’లు, అమ్మ ఉంటే రెండు ‘ఎమ్’లు తప్పవు. ‘థ’కు వేరే తావు దొరకలేదు. దాన్ని ‘త’లో కలపవలసి వచ్చినప్పుడు మేష్ట్రు ముఖం చూసి, నయనే ఆయనకు టీ తెప్పించింది. ఇక అన్నిటికంటే పెద్ద కట్టుబాటు ఏమిటంటే, కొత్త పేరు వస్తే ముందు బుక్కులో రాయాలి, తర్వాతే తెరమీద కొట్టాలి. బుక్కులో ఒక పేరు ఎలా పడితే, ఆ పేరుగల వాళ్ళందరూ అలాగే ఉండాలి. కాగితం మీద ఎలా ఉన్నా సరే.

పది రోజుల్లో పని గాడిలో పడింది. ఆయన చదవడం, ఆమె బుక్కులో చూడడం, కొట్టడం. మధ్యాహ్నం శనగకాయలు. ఆయన ఒక్కొక్క రాతకూ ఒక్కొక్క పేరు పెట్టాడు. ఒకరిది కోడిపాదం రాత, ఒకరిది వానపాము రాత. ఒకరు మాత్రం ముత్యాల్లాగా రాశారు. అది ఎవరిదని నయన అడిగితే, తన దగ్గర చదువుకున్న వాడేనని కొంచెం గర్వంగా చెప్పాడు.

పని తొందరగా తెమలాలన్న ఆత్రంలో నయన ఒకరోజు తప్పు చేసింది. చౌడమ్మ అనే పేరు ఆ సీమలో వీధికి ఇద్దరికి ఉంటుంది. చౌడేశ్వరి అమ్మవారి పేరది. ఆ పేరు డేటాబేసులో ఎన్ని రకాలుగా ఉందో నయన తీసి చూసింది. Chowdamma, Choudamma, Chaudamma, Chavudamma, Sowdamma. ఐదు రకాలు. అవి అక్షరాల వరసలో ఒక్కొక్కటి ఒక్కొక్కచోట ఉన్నాయి, చివరిదైతే మరీ దూరం. పల్లెల్లో చాలామంది సౌడమ్మ అనే అంటారనీ, అందరూ ఒకే అమ్మవారి బిడ్డలేననీ మేష్ట్రు చెప్పాడు. అది ‘వ’ కాదు, ఔత్వం గనక డబ్ల్యూ ఉండవచ్చని, బుక్కులో Chowdamma అని రాసుకున్నారు. మేష్ట్రు రాని మరుసటి రోజు నయన, ఒక్కొక్కటీ ఎందుకు దిద్దాలని, గడి మొత్తంలో Sow ఉన్నచోటల్లా Chow పెట్టమని కంప్యూటరుకు ఒకేసారి చెప్పింది. అది చెప్పినట్టే చేసింది. సౌడమ్మలు చౌడమ్మలయ్యారు. దాంతోపాటు సౌభాగ్యమ్మలందరూ చౌభాగ్యమ్మలయ్యారు.

ముందురోజు తీసిపెట్టిన నకలు ఉంది గనక బతికిపోయింది. మేష్ట్రు వచ్చాక దాచకుండా చెప్పేసింది. ఆయన కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు. తర్వాత మెల్లగా, అక్షరం చూసి కాదు, మనిషిని చూసి దిద్దాలమ్మా అన్నాడు. అప్పటినుంచి ప్రతి వరసకూ కాగితం తీసి పక్కన పెట్టుకునే దిద్దారు.

అలా దిద్దుతూ పోగా ఒకరోజు చౌడమ్మలందరూ ఒకచోటికి చేరారు. నయన వాళ్ళను వరసలో పెట్టి కిందికి జరుపుతూ పోతోంది. ఒకచోట వేలు ఆగింది. ఒకదాని కింద ఒకటిగా రెండు వరసలు. రెండింట్లోనూ చౌడమ్మే, భర్త వెంకటరాయప్పే, ఊరు ఎర్రగుంటపల్లే. మొదటిది రెండువేల ఒకటిలోది. కుడికంటికి ఆపరేషను అయింది. రెండోది రెండువేల మూడులోది. ఎడమకంట్లో నీటి ఒత్తిడి ఎక్కువగా ఉంది, ఆస్పత్రికి పిలవాలి. వయసు ఒకదాంట్లో నలభై ఎనిమిది, రెండేళ్ళ తర్వాత రెండోదాంట్లో యాభై ఐదు. ఎవరు ఎక్కించారనే గడిలో రెండో వరసకు ఎదురుగా నయన పేరే ఉంది.

ఆమెకు మెల్లగా అంతా అర్థమైంది. ఆపరేషను అయినవాళ్ళకు మళ్ళీ రమ్మని ఉత్తరం పంపేది ఆఫీసే. ఆపరేషను అయినట్టూ, పిలవాలన్నట్టూ రెండు గుర్తులు ఒకే వరసలో ఉంటేనే ఆ పట్టీలోకి పేరు వస్తుంది. కొత్తవాళ్ళకైతే శిబిరంలోనే చీటీ చేతికిచ్చి పంపుతారు. రెండువేల మూడులో ఈ కాగితం ఎక్కించేటప్పుడు నయన Chowdamma అని వెతికింది. పాత వరస Sowdamma అని ఉంది. దొరకలేదు. పనిలో చేరి అప్పటికి మూడు నెలలే. కొత్తమనిషి అనుకుని కొత్త వరస పెట్టింది. ఆపరేషను గుర్తు ఒక వరసలో, పిలవాలన్న మాట ఇంకో వరసలో ఉండిపోయాయి. ఇద్దరూ ఒకరే అయితే, ఆ మనిషి ఏ పట్టీలోకీ రాలేదు. ఆమెకు చీటీ లేదు, ఉత్తరమూ లేదు.

“అప్పా,” అంది నయన. తెర చూపింది.

మేష్ట్రు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఆయనకూ అనుమానమే. ఒకే ఊరిలో ఇద్దరు వెంకటరాయప్పలు ఉండవచ్చు, ఇద్దరికీ చౌడమ్మలే భార్యలు కావచ్చు. పైగా మొదటి కాగితం కింద వేలిముద్ర ఉంది. రెండోదాని కింద సంతకం ఉంది. వంకరటింకర అక్షరాలు, ‘ఔ’త్వం ఆకాశానికి ఎగిరినట్టు, చివరి ‘మ్మ’ కాగితం అంచు దాటిపోతూ.

“వేలిముద్ర వేసిన మనిషి రెండేండ్లకు సంతకం చేస్తాదా అప్పా?”

“నేర్చుకుంటే చేస్తాది. లేకుంటే ఈ మనిషి వేరే. కాగితం ఇంతకంటే చెప్పదమ్మా. రెండు వరసల్నీ కలపొద్దు. పోయి అడగాల.”

ఉత్తరం రాస్తే పదిరోజులు పడుతుంది. సుజాతమ్మ మరునాడే వెళ్ళిరమ్మంది. నయన తప్పు తనదేనని చెప్పబోతే, ఆమె తప్పుల సంగతి తర్వాత చూద్దామంది.

బాగేపల్లిలో మేష్ట్రు బస్టాండులోనే ఎదురుచూస్తున్నాడు. ఇద్దరూ ఇంకో బస్సు పట్టుకుని, మిగిలిన రెండు మైళ్ళూ నడిచారు. దారంతా వేరుశనగ చేలు. వాన చాలక ఆకులు వేలాడుతున్నాయి. దారి పొడుగునా నయన ఒక్కటే మొక్కుకుంది. ఆ మనుషులు ఇద్దరై ఉండాలి. ఇద్దరైతే రెండో ఆమెకు చీటీ ఇచ్చే ఉంటారు, తన తప్పు ఉండదు. ఆ మొక్కు ఎంత స్వార్థమైనదో ఊరి మొదట్లోకి వచ్చాక గాని ఆమెకు తోచలేదు.

ఎర్రగుంటపల్లిలో వెంకటరాయప్ప ఒక్కడే. అతని ఇంటి ముందు ఒకామె చాటలో కందులు ఏరుతోంది. తల కొంచెం ఎడమకు తిప్పి, కుడికంటితో చూస్తూ ఏరుతోంది. మనుషులు వచ్చిన అలికిడికి లేచి, చాట కింద పెట్టబోయి, ఎడమపక్కన ఉన్న చెంబును తన్నింది. చెంబు అక్కడ ఉన్నట్టు ఆమెకు కనిపించలేదు.

ఆస్పత్రి వాళ్ళమని మేష్ట్రు చెప్పగానే ఆమె కొంగు సర్దుకుంది. కూర్చోమని చాప వేసింది. నయన రెండు కాగితాలూ తీసి, వేలిముద్ర ఎవరిదని, సంతకం ఎవరిదని అడిగింది.

“రెండూ నావే,” అంది చౌడమ్మ. “ముందు వేలు వేస్తిని. ఆ మీదట మహిళా సంఘంలో ఒక పిల్ల వచ్చి పేరు రాసేది నేర్పించె. ఈ కాగితమే మొట్టమొదట నేను సంతకం చేసింది. చెయ్యి ఎంత వణికెనో.”

ఉత్తరం సంగతి ఆమే ఎత్తింది. ఆపరేషను మీ దగ్గరే అయిందని శిబిరంలో చెబితే, ఇంటికి ఉత్తరం వస్తుంది, అప్పుడు రమ్మన్నారట. కొన్నాళ్ళు టపా మనిషి ఊళ్ళోకి వచ్చినప్పుడల్లా వీధిలోకి వచ్చి నిలబడేదట. తర్వాత మానేసింది. ఎడమపక్క కొంచెం మసకబారితే వయసు మీద పడిందనుకుంది.

నయన తల వంచుకుని జరిగింది జరిగినట్టు చెప్పింది. పాతదాంట్లో సౌడమ్మ అని ఉందని, తాను చౌడమ్మ అని వెతికానని, దొరక్కపోతే ఇంకొంచెం ఆలోచించకుండా కొత్తమనిషిగా రాసేశానని. చెబుతుంటే కన్నీళ్ళు కాగితం మీద పడబోయాయి. మేష్ట్రు కాగితాన్ని మెల్లగా పక్కకు లాగాడు.

చౌడమ్మ ఒక్క కంది గింజను వేళ్ళ మధ్య తిప్పుతూ ఉంది.

“నేను వేరేగా అనుకొంటిని,” అంది చివరికి. “నా పేరు కొట్టేసినారేమో, ముసలిదానికి ఇంకెందుకులే అనుకొన్నారేమో అని. కొట్టేయలేదా?”

“లేదమ్మా. రెండుసార్లు రాసినాము.”

ఆ మాటకు చౌడమ్మ నవ్వింది. “మా యమ్మ నన్ను సౌడీ అని పిలిచె. సంతకం నేర్పిన పిల్ల చౌ అని నేర్పించె. ఎవరు యాడ రాసినా నేనే కదమ్మా. ఏడ్చొద్దు. ఎప్పుడు రావాల, అది చెప్పు.”

ఆ మరుసటి రోజే వెంకటరాయప్ప ఆమెను చింతామణికి తీసుకొచ్చాడు. నయన ముందుగానే వెళ్ళి ఆస్పత్రి గేటు దగ్గర నిలబడింది. డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి, ఉన్నదున్నట్టు చెప్పింది. ఎడమకంటి పక్కచూపు కొంత పోయింది. పోయింది మళ్ళీ రాదు. మిగిలిన చూపు మాత్రం నిలబెట్టుకోవచ్చు. దానికి రోజూ చుక్కలు వేసుకోవాలి, ఒక్కరోజు కూడా మానకూడదు, కొన్ని నెలలకొకసారి వచ్చి చూపించుకోవాలి. ఇంకో ఏడాది ఆగి ఉంటే నిలబెట్టడానికి ఏమీ మిగిలేది కాదని కూడా అంది. నయన వైపు చూడకుండానే అంది.

బయట వసారాలో నర్సు చుక్కలు వేయడం నేర్పుతుంటే వెంకటరాయప్ప వేలు వణికి మందు చెంపమీద పడింది. రెండోసారీ అంతే. మూడోసారి చౌడమ్మ అతని చేతిని తన చేత్తో పట్టుకుని ఆపింది. చుక్క కంట్లో పడింది. ఇద్దరూ ఏదో ఘనకార్యం చేసినట్టు నయన వైపు చూశారు. ఆమె తన తప్పు పోలేదని తెలిసీ, ఆ చూపుకు నవ్వకుండా ఉండలేకపోయింది.

తిరిగి వచ్చాక నయన సుజాతమ్మ ముందు నిలబడి, ఇలాంటి మనుషులు ఇంకెందరున్నారో చూసేదాకా పట్టీ ఇవ్వలేనంది. దసరా దాటింది, దీపావళి దాటింది. కార్తీకం చివరికి పేర్లన్నీ తేలాయి. మూడువేల తొమ్మిదివందల చిల్లర మనుషులు మిగిలారు. వాళ్ళలో చౌడమ్మలాగా రెండు పేర్ల మధ్య జారిపోయినవాళ్ళు పదిహేడుమంది. పల్లె పల్లెకూ నయనా మేష్ట్రూ ఇద్దరే తిరిగారు. ఒకతను అప్పటికే చనిపోయాడు. అతని కొడుకు కాఫీ ఇచ్చి, అడిగినదానికంతా ఓపికగా చెప్పాడు. అది నయనకు తిట్టినదానికంటే కష్టంగా తోచింది. ఇద్దరు ఊళ్ళు మారి దొరకలేదు. మిగిలినవాళ్ళు వచ్చారు.

ఆ తిరుగుళ్ళలోనే, బస్సు కిటికీ పక్కన, మేష్ట్రు ఆమెకు తెలుగు చేతిరాత చదవడం నేర్పాడు. అంగడి బోర్డులతో మొదలుపెట్టి, కోడిపాదం రాత దాకా తీసుకొచ్చాడు. ఒత్తుల దగ్గర ఆమె తడబడితే వేలితో గాలిలో రాసి చూపేవాడు. పని ముగిసినా ఆయన బుధవారాలు ఆఫీసుకు రావడం మానలేదు. చదవవలసినవి ఏమీ లేకపోతే వార్తాపత్రిక చదివి, శనగకాయలు ఇచ్చి, బస్సెక్కేవాడు.

జనవరిలో బాగేపల్లిలో మళ్ళీ శిబిరం పెట్టారు. ఈసారి ఫారాల బల్ల దగ్గర నయనే కూర్చుంది. పక్కన లాంగ్‌ బుక్కు ఉంది. దానికి మేష్ట్రు అట్ట వేయించి ఇచ్చాడు. వరసలో మొదట వచ్చిన ముసలాయన కర్ర పక్కన పెట్టి, అంజినప్ప అని పేరు చెప్పాడు. నయన వెంటనే రాయలేదు.

“మిమ్మల్ని ఇంకే పేరుతోనన్నా ఎవరన్నా రాసినారా అప్పా?”

ముసలాయన ఆలోచించాడు. ఇన్నేళ్ళలో ఆ మాట తనను ఎవరూ అడగలేదన్నాడు. బల్లమీద మోచేయి ఆనించి తీరికగా మొదలుపెట్టాడు. బళ్ళో ఆంజనేయులు అని రాశారట. రేషను కార్డులో ఆంజప్ప అని ఉందట. పెళ్ళిపత్రికలో మామగారు హనుమంతప్ప అని అచ్చు వేయించాడట, ఆ కథ పెద్దదట. వెనక వరస పెరుగుతోంది. నయన కలం పట్టుకుని, చెప్పండప్పా అంది.